చందా కవర్ల చిరునామాలు: కట్ట 14 నమోదు

గడుల వరస: పేరు | కేరాఫ్ | ఇంటి నెం. | వీధి, గుర్తు | ఊరు | మండలం | జిల్లా | పిన్. లేని గడిలో గీత. తీసుకున్నది ఎడమవైపు కింద ఉన్న 'ఫ్రమ్' చిరునామా. కుడివైపు పెద్ద అక్షరాలతో ఉన్నది మన పత్రిక ఆఫీసుదే.

కవరు 1. రాసింది: "కె. సుబ్బలక్ష్మి, భర్త: లేటు నారాయణరావు గారు, 4-12-7, రామాలయం వెనుక, కొత్తపేట, తెనాలి, గుంటూరు జిల్లా, 522 2_1" (అయిదో అంకె మీద సిరా పాకింది).
నమోదు: కె. సుబ్బలక్ష్మి | నారాయణరావు | 4-12-7 | కొత్తపేట, రామాలయం వెనుక | తెనాలి | తెనాలి | గుంటూరు | 522201
పోయిన అంకె 0 అని పోస్టాఫీసు పిన్ జాబితాలో తెనాలి ఎదురుగా చూసి వేశాం. స్టాంపు ముద్రలోనూ తెనాలే ఉంది గానీ దాన్నే నమ్మకూడదు: అది కవరు పోస్టు చేసిన ఊరు చెబుతుంది, ఉంటున్న ఊరు కాదు. 'లేటు', 'గారు' గడిలోకి రావు. ఇంటి నెంబరు గడిని ముందే టెక్స్ట్‌గా మార్చాలి. లేకపోతే ఎక్సెల్ 4-12-7ను తేదీ అనుకుని మార్చేస్తుంది. ఆ తర్వాత ఫార్మాట్ మార్చినా అసలు నెంబరు తిరిగిరాదు, కవరు చూసి మళ్లీ కొట్టాల్సిందే.

కవరు 2. రాసింది: "పి. వెంకటేశ్వర్లు, బస్టాండు దగ్గర, చీరాల, ప్రకాశం జిల్లా 523155"
నమోదు: పి. వెంకటేశ్వర్లు | - | - | బస్టాండు దగ్గర | చీరాల | చీరాల | బాపట్ల | 523155
2022 ఏప్రిల్ నుంచి చీరాల బాపట్ల జిల్లాలో ఉంది. జిల్లా మారినా పిన్ మారలేదు.

కవరు 3. రాసింది: "ఎం. యాదగిరి, రామాపురం (పోస్టు), వయా కోదాడ, నల్గొండ జిల్లా", పిన్ లేదు.
నమోదు: ఎం. యాదగిరి | - | - | వయా కోదాడ | రామాపురం | - | - | -
పెండింగ్. కోదాడ పిన్ 508206 వేసి వదిలేయాలనిపిస్తుంది, వేయలేదు. 'వయా' అన్నది దారి మాత్రమే. ఊరి బట్వాడా వేరే పోస్టాఫీసు నుంచి జరగవచ్చు. పైగా రామాపురాలు బోలెడన్ని. కోదాడ ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది, ఈ ఊరూ అక్కడిదేనా అన్నది మండలం తెలిస్తేనే తేలుతుంది. కూపన్ వెనక ఫోన్ నెంబరు ఉంది, అడగాలి.

కవరు 4. రాసింది: "బి. శ్రీలత, ఫ్లాట్ 302, కూకట్‌పల్లి, హైద్రాబాద్-72"
నమోదు: బి. శ్రీలత | - | ఫ్లాట్ 302 | కూకట్‌పల్లి | హైదరాబాద్ | కూకట్‌పల్లి | మేడ్చల్-మల్కాజిగిరి | 500072
'హైద్రాబాద్-72' పాత అలవాటు. ముందు 5000 చేర్చాలి. మొదటి అంకె 1లాగానూ కనిపిస్తోంది, కానీ 500012 బేగంబజారు. పేట పేరే తేల్చింది. అపార్ట్‌మెంటు పేరు లేదు, చేరుతుందా అన్నది అనుమానమే. అయినా ఊహించి రాయలేదు.

1, 2, 4 లేబుళ్లకు. 3 ఫోన్ అయ్యేదాకా పెండింగ్ డబ్బాలో, కవరుతో సహా.