లో-వోల్టేజీ వల్ల బోరు మోటారు పదే పదే కాలిపోతున్న విషయమై పంపుల డీలరు గారికి లేఖ

తేదీ: 18-03-2025

పంపుసెట్ల దుకాణం యజమాని గారికి,

విషయం: బిల్లు నంబరు 214పై కొన్న 5 హెచ్.పి. త్రీ-ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు మూడవసారి కాలిపోవడం గురించి.

అయ్యా,

గత సంవత్సరం జూన్‌లో మీ వద్ద కొన్న ఈ మోటారును మీ మెకానిక్ గారే మా బోరులో 95 మీటర్ల లోతున దించారు. నవంబరులో మొదటిసారి కాలినప్పుడు మీరు వారంటీ కింద కొత్తది ఇచ్చారు. అది జనవరిలో కాలితే నా ఖర్చుతో రీవైండింగ్ చేయించుకున్నాను. అదే మోటారు ఈ నెల 9న మళ్ళీ కాలిపోయింది. ఫోనులో అడిగితే మీరు "లో-వోల్టేజీకి మేమేం చేస్తాం" అన్నారు. కారణం లో-వోల్టేజీయేనని నేనూ ఒప్పుకుంటున్నాను. అయితే ఆ వోల్టేజీలో మోటారు కాలిపోకుండా ఆగవలసిన చోట ఎందుకు ఆగలేదన్నది మీ దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈసారి మోటారు విప్పినప్పుడు నేను దగ్గరే ఉన్నాను. వైండింగ్ తీగల మీది ప్లాస్టిక్ పొర మెత్తబడి, పక్కపక్క తీగలు ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. మూడు ఫేజుల చుట్లూ ఒకే తీరుగా నల్లబడ్డాయి. ఒక ఫేజు పోయి కాలి ఉంటే ఏదో ఒకటి రెండు ఫేజుల చుట్లే మాడేవని, ఇది చాలాకాలం ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కిన మోటారని వైండింగ్ చేసే ఆయన చెప్పారు. బేరింగులు బాగానే ఉన్నాయి, పంపు షాఫ్టు చేతితో తిప్పితే తేలికగా తిరిగింది. కాబట్టి ఇసుక పట్టి బిగుసుకుపోయిందనడానికి వీలు లేదు.

కాలడానికి ముందు వారం రోజులు ఎలక్ట్రీషియన్ పని చేసే మా మేనల్లుడు స్టార్టరు దగ్గర కొలతలు తీశాడు. రాత్రి పొద్దుపోయాక మోటారు నడుస్తుండగా ఫేజుల మధ్య 380 వోల్టులు, 9.6 ఆంపియర్లు ఉన్నాయి. ఉదయం లైను మీది మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ వోల్టేజీ 320కి పడిపోయి, టాంగ్ టెస్టరులో 11.8 ఆంపియర్లు చూపించింది. నేమ్‌ప్లేటు మీద ఉన్నది 415 వోల్టులు, 9.5 ఆంపియర్లు. తీగలో పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, ఆ వేళల్లో వైండింగ్ ఉండవలసిన దానికంటే సుమారు ఒకటిన్నర రెట్ల వేడిని గంటల తరబడి భరించిందన్నమాట. స్టార్టింగ్ ఇంకా కష్టం. వోల్టేజీ ఇంతగా తగ్గితే మోటారు తిరిగే బలం దాదాపు ఆరు పదో వంతులకు పడిపోతుంది. మామూలుగా క్షణంలో వెనక్కి వచ్చే ఆంపియర్ మీటరు ముల్లు ఆ ఉదయాల్లో చివరికంటా పోయి నాలుగైదు సెకన్లు అక్కడే నిలబడడం నేను కళ్ళారా చూశాను.

ఇక అసలు సంగతి. ఎక్కువ ఆంపియర్లు లాగితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలే 9.5 దగ్గర ఉండి ఉంటే 11.8 ఆంపియర్లకు కొంతసేపటికి స్టార్టరు ట్రిప్పయ్యేది. మొదటి మోటారు బిగించిన నెలలో అలా మాటిమాటికీ ట్రిప్పవుతోందని నేనే ఫిర్యాదు చేశాను. అప్పుడు మీ మెకానిక్ గారు వచ్చి రిలేను 13కు తిప్పి, ఇక ఆగదన్నారు. నిజంగానే ఆగలేదు, మోటారు కాలేదాకా నడిచింది. నీళ్ళు ఆగకుండా వస్తున్నాయన్న సంతోషంలో నేనూ ఎందుకని అడగలేదు. ఆ తప్పు నాదే. పైగా ఆటో స్టార్టరు కూడా పెట్టించుకున్నాను. కరెంటు రాగానే లైను మీది మోటార్లన్నిటితో పాటే, వోల్టేజీ బాగా పడిపోయి ఉన్న ఆ క్షణానే, మాదీ స్టార్టవుతూ వచ్చింది.

ట్రాన్స్‌ఫార్మరు మీద లోడు ఎక్కువైందని విద్యుత్ శాఖకు అర్జీ ఇచ్చాను. అది తేలేలోపు పంట ఎండిపోతుంది. మీ నుంచి నేను కోరేది ఇది. మళ్ళీ మోటారు దించే ముందు మీ మనిషిని ఉదయం వేళ పంపి, స్టార్టరు దగ్గర వోల్టేజీ కొలిపించండి. తక్కువ వోల్టేజీకి తగినట్టు వైండింగ్ చేసిన మోటారు మీ కంపెనీ దగ్గర ఉంటే తెప్పించండి, అదనంగా అయ్యే ధర నేను చెల్లిస్తాను. వోల్టేజీ 350 కంటే తగ్గితే ఆపేసే రక్షణ, కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి స్టార్టు చేసే టైమరు స్టార్టరులో అమర్చండి. అలా చేస్తే ఉదయం నీళ్ళు రావని నాకు తెలుసు. రాత్రిపూట తడి పెట్టుకుంటాను. రిలే కొత్త మోటారు నేమ్‌ప్లేటు ప్రకారమే ఉండాలి. బోరులోకి వేసిన కేబుల్ 2.5 చదరపు మిల్లీమీటర్లది. ఇంత పొడవుకు అందులోనే మరో పది వోల్టుల దాకా పోతాయని మేనల్లుడి లెక్క, కాబట్టి 4 చదరపు మిల్లీమీటర్లది వేయించండి.

రెండవ మోటారు ఇచ్చి ఇంకా సంవత్సరం నిండలేదు. రీవైండింగ్ బయట చేయించినందున వారంటీ వర్తించదని మీరు అనవచ్చు, అందులో నేను వాదించను. కానీ రిలే తిప్పింది మీ మనిషి కనుక, మోటారు పైకి ఎత్తి తిరిగి దించే కూలీ అయినా మీరు భరించడం న్యాయమని నా అభిప్రాయం. కాలిన చుట్లు, వారం రోజుల కొలతల కాగితం నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ వారంలో ఏ ఉదయం వచ్చినా చూపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
బిల్లు నంబరు 214 ఖాతాదారు రైతు