మా చిన్నమ్మాయి ప్రవల్లిక పెళ్ళి, అందరూ తప్పకుండా రావాలి

శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు

శ్రీ క్షీరారామలింగేశ్వర స్వామి వారి ఆశీస్సులతో

బాబాయిలకి, పిన్నులకి, మావయ్యలకి, అత్తయ్యలకి, అన్నయ్యలకి, వదినలకి, నాతో చదువుకున్న ఫ్రెండ్స్‌కి, ఊళ్ళో వాళ్ళకి, ఊరొదిలి ఎక్కడెక్కడో ఉన్న మనవాళ్ళందరికీ నమస్కారమండీ. కార్డులు ప్రింటయ్యి వచ్చేశాయి, దగ్గర్లో ఉన్నోళ్ళ ఇళ్ళకి నేనూ మా ఆవిడా వచ్చి బొట్టు పెట్టి పిలుస్తాం, దూరంగా ఉన్నోళ్ళకి అంత దూరం రాలేం కాబట్టి ఈ మెసేజ్‌నే మేము స్వయంగా వచ్చి పిలిచినట్టు అనుకోండి, పిలుపు రాలేదని మాత్రం ఎవరూ మనసులో పెట్టుకోవద్దు.

మా కనిష్ఠ కుమార్తె

చి.ల.సౌ. సాయి ప్రవల్లిక
(శ్రీ కొప్పిశెట్టి వెంకట సత్యనారాయణ, శ్రీమతి లక్ష్మీకుమారి దంపతుల కుమార్తె, శ్రీమతి సుభద్రమ్మ గారి మనవరాలు, లంకలకోడేరు)

వివాహం

చి. కార్తీక్
(శ్రీ మేడిశెట్టి రామకృష్ణారావు, శ్రీమతి పద్మావతి దంపతుల జ్యేష్ఠ కుమారుడు, కీ.శే. సుబ్బారావు గారి మనవడు, సొంతూరు రాజోలు, ప్రస్తుతం కూకట్‌పల్లి, హైదరాబాద్)

తో జరిపించడానికి పెద్దలు నిశ్చయించారు.

సుముహూర్తం: స్వస్తిశ్రీ చాంద్రమాన పరాభవ నామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమి, ఆదివారం, మఖ నక్షత్రం, మిథున లగ్నం, అంటే 26-04-2026 ఉదయం 10 గంటల 42 నిమిషాలకి.

వేదిక: మా ఇంటి దగ్గరే, రామాలయం వీధి, లంకలకోడేరు, పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా. ఫంక్షన్ హాల్ మాట్లాడదామని పిల్లలు చాలా పోరు పెట్టారు గానీ మా అమ్మ ఒప్పుకోలేదండీ, మనవరాలి పెళ్ళి ఇంటి ముందు పందిట్లోనే జరగాలంది, పెద్దావిడ మాట కాదనలేక తాటాకు పందిరే వేయిస్తున్నాం.

పొద్దున 8 నుంచి టిఫిన్లు, 9కి అమ్మాయి గౌరీపూజకి కూచుంటుంది, 10.42కి జీలకర్ర బెల్లం, ఆ తర్వాత మంగళసూత్రధారణ, తలంబ్రాలు. ఒక్క మాట, 10.42 అంటే జీలకర్ర బెల్లం పెట్టే టైము, తాళి టైము కాదు, తాళి కట్టే టైముకి వస్తే సరిపోద్దిలే అని 11.30కి దిగేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ళకి అసలు ముహూర్తం మిస్సయిపోద్ది, కాబట్టి 10కల్లా పందిట్లో ఉండండి. భోజనాలు 11.30 నుంచి, పొద్దుటే బయల్దేరి వచ్చిన పెద్దవాళ్ళకీ చిన్నపిల్లలకీ మొదటి బంతి, మగపెళ్ళివారి బంతికి మన కుర్రాళ్ళే దగ్గరుండి వడ్డించాలి. అప్పగింతలు సాయంత్రం 4కి, 4.30కి రాహుకాలం వచ్చేస్తుందని అంతకుముందే బండి ఎక్కించేస్తాం, అప్పటిదాకా ఉండగలిగినవాళ్ళు ఉండండి, మా ఆవిడకి ధైర్యం చెప్పడానికి నలుగురు ఆడోళ్ళు పక్కన కావాలి.

ముందురోజు 25, శనివారం, పొద్దున 9 గంటలకి అమ్మాయిని పెళ్ళికూతుర్ని చేస్తున్నాం, ముత్తైదువులందరూ తప్పకుండా రావాలి. సాయంత్రం 5కి మెహందీ, పాటలు అవీ పిల్లలు పెట్టుకున్నారు, ఆ ప్రోగ్రామ్ సంగతి నన్ను అడగొద్దు, మా పెద్దమ్మాయిని అడగండి. రాత్రి 7.30కి మగపెళ్ళివారు దిగుతారు, రామాలయం దగ్గర ఎదురు సన్నాహం, మన వైపు నుంచి మగవాళ్ళు అక్కడ కాస్త నిండుగా కనపడాలి, ఇద్దరు ముగ్గురమే పానకం బిందెలు పట్టుకుని నించుంటే బాగోదు.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి నరసాపురం ఎక్స్‌ప్రెస్ సుఖం, రాత్రి ఎక్కితే పొద్దున పాలకొల్లులో దిగిపోవచ్చు. కానీ దయచేసి 25 రాత్రి బండి నమ్ముకోవద్దు, అది లేటయిందంటే ముహూర్తం పోయినట్టే, 24 రాత్రి ఎక్కేస్తే పెళ్ళికూతుర్ని చేయడం దగ్గర్నుంచి అన్నీ చూడొచ్చు. టికెట్లు ఇప్పుడే చేసేసుకోండి, వేసవి సెలవులు కాబట్టి తర్వాత దొరకవు. విమానంలో వచ్చేవాళ్ళు రాజమండ్రిలో దిగి కారు మాట్లాడుకోవాలి. పాలకొల్లు స్టేషన్ నుంచి ఊరికి మన కుర్రాళ్ళు రెండు కార్లు తిప్పుతారు, ఏ బండికి ఎంతమంది వస్తున్నారో ఈ మెసేజ్ కిందే రాసేయండి. పడుకోడానికి పాలకొల్లులో లాడ్జిలో రూములు తీసుకుంటున్నాం, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ముందే చెబితే వాళ్ళకి ఏసీ రూములు ఉంచుతాం, మిగతా కుర్రకారు మా మేడ మీద పరుపులతో సర్దుకోవాలి. ఏప్రిల్ నెలాఖరు ఎండలు మీకు తెలిసిందే, పందిట్లో కూలర్లు పెట్టిస్తున్నాం, మజ్జిగకీ కొబ్బరిబొండాలకీ లోటుండదు, అయినా పట్టుచీరల మీద పంతం పట్టకుండా పిల్లలకి మాత్రం నూలుబట్టలు తెచ్చుకోండి.

పెళ్ళి భోజనం పూర్తిగా శాకాహారమే. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, మామిడికాయ పప్పు, పులిహోర, బూరెలు, ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు, ఇంకా వంటాయన లిస్టు చాలా పెద్దది, అరిటాకు వేసే వడ్డిస్తాం, బఫే లేదు.

ఇక మగపెళ్ళివారి వైపు. 27 సోమవారం తెల్లవారి 6 గంటలకి కూకట్‌పల్లిలో వాళ్ళింట్లో గృహప్రవేశం, అదే రోజు ఏకాదశి కాబట్టి 10 గంటలకి సత్యనారాయణ స్వామి వ్రతం, దీనికి దగ్గరి చుట్టాలు మాత్రమే, ఇల్లు చిన్నది, ఏమీ అనుకోవద్దని బావగారు మరీమరీ చెప్పమన్నారు.

రిసెప్షన్: 01-05-2026 శుక్రవారం, రాత్రి 7 గంటల నుంచి, శ్రీ వేంకటేశ్వర కళ్యాణ మండపం, కూకట్‌పల్లి, హైదరాబాద్. ఆహ్వానించేవారు శ్రీ మేడిశెట్టి రామకృష్ణారావు, శ్రీమతి పద్మావతి దంపతులు. ఊరికి రాలేని హైదరాబాద్ వాళ్ళందరికీ ఇదే పిలుపు. మే డే సెలవు, పైగా మర్నాడు శనివారం, కాబట్టి ఆఫీసు ఉందనే సాకు ఈసారి చెల్లదు. కార్లకి పార్కింగ్ తక్కువ, మెట్రోలో వస్తే హాయి, మియాపూర్ – ఎల్బీ నగర్ లైన్‌లో కేపీహెచ్‌బీ కాలనీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే చాలు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ 7.30కి స్టేజి మీదకి వస్తారు, డిన్నర్ 8 నుంచి, ఇక్కడ మాత్రం బఫేనే, వెజ్ ఒక పక్క, మటన్ బిర్యానీ చేపల పులుసు ఇంకో పక్క, రెండూ కలవకుండా కౌంటర్లు దూరంగా పెట్టించమని చెప్పాను.

కానుకలు ఏమీ తేవద్దండీ, నిజంగానే చెబుతున్నా. చదివింపుల పుస్తకం కూడా పెట్టట్లేదు, ఎవరు ఎంత రాశారని తర్వాత లెక్కలేసుకునే గోల మనకొద్దు. వచ్చి నాలుగు అక్షింతలు వేసి పిల్లల్ని దీవించి కడుపునిండా తిని వెళ్ళండి.

వచ్చేవాళ్ళు ఇంటికి ఎంతమందో, ఏ రోజు దిగుతున్నారో ఏప్రిల్ 15 లోపు చెప్పేయండి, వంటాయనకి లెక్క ఇవ్వాలి. మనవాళ్ళలో ఈ గ్రూపులో లేనివాళ్ళకి మీరే ఇది పంపండి, కానీ ఫోన్ చేసి కూడా చెప్పండి, ఫార్వర్డ్ కొట్టేసి పిలిచేశాం అంటే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు.

ఇట్లు
మీ రాక కోసం ఎదురుచూసే
కొప్పిశెట్టి వెంకట సత్యనారాయణ, లక్ష్మీకుమారి
లంకలకోడేరు

బంధుమిత్రుల అభినందనలతో