సెమినార్ రూపురేఖ: పెద్దవాళ్ళ మందుల కవరు - ఎక్కువ మందులు, వాటి దుష్ప్రభావాలు

కోర్సు: వృద్ధుల నర్సింగ్
ఎవరికి: ఎమ్మెస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం, 16 మంది
సమయం: శనివారం ఉదయం 10 నుంచి 12 వరకు, రెండో అంతస్తు డెమో రూమ్
ముందే చేసుకురావాల్సింది: మీ ఇంట్లోనో పక్కింట్లోనో 65 దాటిన ఒకరి మందులన్నీ ఒకచోట పోసి, స్ట్రిప్ మీది పేరు, డోసు రాసుకొని రండి. మనిషి పేరు రాయొద్దు. ఫొటో తీస్తే ప్రిస్క్రిప్షన్ మీది పేరు కనపడకుండా చూసుకోండి.

10.00 - 10.10: మొదలు

స్లైడ్లు లేవు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ కవరు, అందులో తొమ్మిది రకాల ఖాళీ స్ట్రిప్పులు, ఒక చూర్ణం డబ్బా. బట్టల షాపు కవరే తెచ్చాను, మన ఇళ్ళల్లో మందులు ఉండేది వాటిలోనే కదా. ఈ కవరు ఎవరిదో ఒక్కటే మాటలో చెబుతాను: 74 ఏళ్ళ పెద్దామె, జనగామ దగ్గర పల్లె, తెల్లవారుజామున 3 గంటలకు బాత్రూముకు వెళ్తూ పడిపోయింది. మిగతాది తర్వాత.

అడిగే ప్రశ్న: ఈ తొమ్మిదింటినీ కలిపి చూసిన డాక్టర్ ఎంతమంది ఉండి ఉంటారు? జవాబు సున్నా. గంటన్నర మాట్లాడబోయేది దీని గురించే. బీపీ డాక్టర్ బీపీ మందు చూస్తాడు, నరాల డాక్టర్ నరాల మందు చూస్తాడు. కవరు మొత్తం చేతిలోకి వచ్చేది అడ్మిషన్ రోజు నర్సుకి. ఆ అయిదు నిమిషాలు పోగొట్టుకుంటే మళ్ళీ రావు.

10.10 - 10.25: మాటలకు అర్థాలు (త్వరగా ముగించాలి)

పాలీఫార్మసీకి అందరూ ఒప్పుకునే ఒకే నిర్వచనం లేదు. ఎక్కువగా వాడేది: రోజూ అయిదు, అంతకు మించి మందులు. పది, అంతకు మించితే హైపర్‌పాలీఫార్మసీ అంటారు. అంకె పట్టుకుని వేలాడొద్దు. గుండెపోటు వచ్చినవాళ్ళకు అయిదు మందులూ అవసరమే కావచ్చు, ఇంకొకరికి రెండే ఎక్కువ కావచ్చు. "ఈ మందు దేనికి?" అంటే జవాబు దొరకనిదే అసలు అదనపు మందు.

అడ్వర్స్ డ్రగ్ రియాక్షన్: మామూలు డోసులోనే, అనుకోకుండా జరిగే హాని. డోసు తప్పి ఇవ్వడం వేరు, అది మెడికేషన్ ఎర్రర్. రియాక్షన్లలో టైప్ ఏ అనేది మందు పనికి కొనసాగింపు, డోసును బట్టి పెరుగుతుంది, ముందే ఊహించవచ్చు. బి రకం అలర్జీల్లాంటిది, ఊహకు అందదు. పెద్దవాళ్ళలో మనం చూసేది చాలావరకు టైప్ ఏ రకమే. ఊహించగలిగేదంటే ఆపగలిగేది కూడా. అలర్జీ కాలమ్‌లో "లేదు" అని రాసి ఊరుకునే అలవాటు మనకుంది, ఆ కాలమ్ బి రకాన్నే అడుగుతుంది.

10.25 - 10.45: వయసు మీద పడ్డ ఒంట్లో మందు ఏమవుతుంది

ఫార్మకాలజీ క్లాసు మళ్ళీ చెప్పను. మూడు మాటలు చాలు.

ఒంట్లో నీరు తగ్గి, కొవ్వు పాలు పెరుగుతుంది. కొవ్వులో కరిగే డయాజిపామ్ లాంటివి రోజుల తరబడి నిలవుంటాయి. నిన్న రాత్రి వేసిన గోళీ ఈ రోజు మధ్యాహ్నం కూడా పనిచేస్తూనే ఉంటుంది.

మెదడు, నాడులు మందుకు ఎక్కువగా స్పందిస్తాయి. పడుకుని లేచినప్పుడు బీపీని నిలబెట్టే ఏర్పాటు నెమ్మదిస్తుంది. అందుకే లేచిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతుందేమో చూడాలి. కూర్చోబెట్టి ఒక్కసారి చూసే బీపీలో ఇది దొరకదు.

మూడోది కిడ్నీ. దీనికి బోర్డు మీద లెక్క వేయిస్తాను. పెద్దామె బరువు 45 కిలోలు, క్రియాటినిన్ 1.1. ల్యాబ్ రిపోర్టులో దాని పక్కన ఎర్ర గుర్తు లేదు, అంటే నార్మల్ అని వదిలేశారు. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం:

(140 − వయసు) × బరువు ÷ (72 × క్రియాటినిన్), ఆడవాళ్ళకు మళ్ళీ × 0.85

66 × 45 = 2970. 72 × 1.1 = 79.2. భాగిస్తే 37.5, దాన్ని 0.85తో గుణిస్తే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి సుమారు 32 మిల్లీలీటర్లు. కండ తక్కువ ఉన్న మనిషిలో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే అంకె బాగానే కనపడుతుంది. లెక్క రాని వాళ్ళు సిగ్గుపడకుండా ఫోన్ తీయొచ్చు, కానీ ఒక్కసారైనా చేత్తో వేయాలి.

10.45 - 11.20: కేసు

ఈ కేసు నేను అల్లినది. ఇలాంటి ముక్కలు ఏ వార్డులోనైనా దొరుకుతాయి.

పన్నెండేళ్ళుగా బీపీ, షుగర్. ప్రభుత్వ క్లినిక్ నుంచి నెలనెలా ఆమ్లోడిపిన్ 5, మెట్‌ఫార్మిన్, గ్లిబెన్‌క్లమైడ్. తర్వాత తోడైనవి: ఫ్రూసిమైడ్, ఆల్ప్రజోలామ్, డైక్లోఫినాక్, పాంటోప్రజోల్, అరికాళ్ళ మంటకు అమిట్రిప్టిలిన్, తల తిరుగుడుకు సిన్నరిజిన్. చూర్ణం మోకాళ్ళ కోసం, అందులో ఏముందో డబ్బా మీద లేదు. ఆమ్లోడిపిన్ ఇప్పుడు 10 అయింది.

పడిన రాత్రి: షుగర్ 48, పొటాషియం 3.0, పడుకుంటే బీపీ 130/80, లేపితే 102/70. ఎడమ మణికట్టు విరిగింది. కోడలు చెప్పింది: "నాలుగు రోజుల సంది బుక్క తినలేదు సిస్టర్, అయినా గోళీలు మాత్రం ఒక్కటి తప్పలేదు." ఇంటివాళ్ళు ఈ మాట గర్వంగా చెబుతారు. వాళ్ళను తప్పుపట్టకండి, తిండి మానితే షుగర్ గోళీ గురించి అడగాలని వాళ్ళకెవరూ చెప్పలేదు.

గ్రూపు పని, నలుగురేసి నాలుగు గ్రూపులు, 15 నిమిషాలు: ఏ మందు ఏ మందును తెచ్చిందో బాణాలు గీయండి. దీన్ని ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్ అంటారు. ఒక మందు చేసిన హానిని కొత్త జబ్బు అనుకుని ఇంకో మందు రాయడం.

దాదాపు ప్రతి బ్యాచూ కాళ్ళ వాపు దగ్గరే మొదలుపెడుతుంది. ఆమ్లోడిపిన్ 10తో చీలమండల్లో వాపు, దానికి ఆర్ఎంపీ ఇచ్చిన ఫ్రూసిమైడ్, దానితో రాత్రి నాలుగుసార్లు లేవడం, పొటాషియం తగ్గి పిక్కలు పట్టేయడం, నిద్ర లేదని ఆల్ప్రజోలామ్. బాణాలు సరైనవే. అప్పుడు నేను అడిగేది: ఆమ్లోడిపిన్ 5 నుంచి 10 ఎందుకైంది? ఎవరైనా ఒక్క అడుగు వెనక్కి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో కొని రోజుకు రెండు వేసుకున్న డైక్లోఫినాక్ బీపీని పెంచుతుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది, కిడ్నీని దెబ్బతీస్తుంది. కిడ్నీ పని తగ్గితే గ్లిబెన్‌క్లమైడ్, దాని మెటబొలైట్లు బయటకు పోక షుగర్‌ను లాగేస్తాయి. కడుపు మంటకు పాంటోప్రజోల్ వచ్చిందీ దీనివల్లే. ఏ చీటీలోనూ లేని గోళీ సగం బాణాలకు మొదలు.

సిన్నరిజిన్ గురించి రెండు నిమిషాలు, ఎందుకంటే దీన్ని ఎవరూ అనుమానించరు. తల తిరగడం లేచినప్పుడు బీపీ పడిపోవడం వల్ల. దానికి ఇచ్చిన ఈ మందు పెద్దవాళ్ళలో పార్కిన్సన్ లాంటి వణుకు, బిగుసుకుపోవడం తేగలదు. ఎవరూ గమనించకపోతే తర్వాతి చీటీలో లెవోడోపా వచ్చి చేరుతుంది.

చర్చలో పైకి తేవాల్సిన మాట: పెద్దవాళ్ళలో మందు హాని దద్దుర్లలా కనపడదు. పడిపోవడం, తికమక, మూత్రం ఆగకపోవడం, తిండి సయించకపోవడం, "మనిషి డల్ అయింది". వీటిని వయసు ఖాతాలో వేసేముందు మందుల ఖాతా చూడాలి. అమిట్రిప్టిలిన్, జలుబు గోళీల్లోని క్లోర్‌ఫెనిరమిన్ లాంటి యాంటీకోలినెర్జిక్ మందులు రెండు మూడు కలిస్తే నోరు ఎండటం, మలబద్ధకం, మూత్రం బిగబట్టడం, మతి తప్పడం అన్నీ కలిసి వస్తాయి.

11.20 - 11.40: అడగడం (రోల్ ప్లే)

ఒకరు నర్సు, ఒకరు పెద్దామె, ఒకరు కోడలు. ముందు తప్పుగా అడిగించాలి.

"మందులేమన్నా వాడుతున్నవా పెద్దమ్మా?"
"బీపీకి, షుగర్‌కు వాడుతున్న బిడ్డా."

చార్టులో మూడు మందులు ఎక్కుతాయి. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో నొప్పుల గోళీ మందే కాదు, చూర్ణం అసలే కాదు.

తర్వాత సరిగా: "పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం మింగుతవో చెప్పు. నొప్పి లేస్తే ఏం వేసుకుంటవు? నిద్ర పట్టకపోతే? షాపుల అడిగి తెచ్చుకునేటివి ఏమున్నయి? కండ్లల్ల చుక్కలు? ఆకులు, పొడులు, కషాయం? సూది ఎప్పుడన్నా ఇప్పించుకున్నవా?" చివరగా కోడలితో: "ఇంట్ల ఉన్న కవరంతా తెండి, ఖాళీ స్ట్రిప్పులతో సహా."

కవరు వచ్చాక చూడాల్సింది బ్రాండు పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు. ప్రభుత్వ ఆస్పత్రి గోళీ, బయట కొన్న గోళీ రంగు వేరు, పెట్టె వేరు, లోపల మందు ఒకటే కావచ్చు. కాంబినేషన్ గోళీల్లో మరీ మోసపోతాం, ఒక బీపీ గోళీలో మూడు మందులు దాగి ఉంటాయి. అతిమధురం కలిసిన పొడి పొటాషియం తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది. మెంతులు, కాకర షుగర్ గోళీకి తోడై షుగర్‌ను ఇంకా కిందికి లాగవచ్చు.

11.40 - 11.52: చేతిలో ఉన్న సాధనాలు, డాక్టర్‌కు చెప్పే తీరు

బీర్స్ జాబితా, పెద్దవాళ్ళకు వీలైనంతవరకు వద్దనే మందులది: 1991లో అమెరికాలో మొదలైంది, ఇప్పుడు వాడేది 2023 కూర్పు. ఆల్ప్రజోలామ్, గ్లిబెన్‌క్లమైడ్, అమిట్రిప్టిలిన్ మూడూ అందులో ఉన్నాయి. స్టాప్-స్టార్ట్ ఐర్లండ్‌లో 2008లో వచ్చింది, ఆపాల్సినవాటితో పాటు ఇవ్వకుండా వదిలేసినవీ చెబుతుంది. నాకు అది ఎక్కువ నచ్చుతుంది. పెద్దవాళ్ళకు మందు తక్కువ కావడం కూడా తప్పే కదా. హాని ఆ మందు వల్లేనా అని తేల్చే నారంజో స్కేల్‌లో పది ప్రశ్నలు, 9 ఆపైన వస్తే ఖాయం, 5 నుంచి 8 అయితే బహుశా.

మందు ఆపే నిర్ణయం డాక్టర్‌ది. చెప్పడం మన పని, ఇలా: "సార్, 7వ బెడ్, 74 ఏళ్ళు. లేపితే పై బీపీ 28 పడుతోంది. షుగర్ 48 ఉండింది, గ్లూకోజ్ ఇచ్చాక 112, కానీ గ్లిబెన్‌క్లమైడ్ కాబట్టి మళ్ళీ పడొచ్చు, గంటగంటకూ చూస్తున్నాం. చార్టులో మూడు మందులే ఉన్నాయి, ఇంటి కవరులో తొమ్మిది. డైక్లోఫినాక్ కూడా ఉంది, క్లియరెన్స్ 32 వచ్చింది. ఈ రాత్రి వేటిని ఆపమంటారు?" ఇందులో ఎవరి తప్పూ ఎత్తి చూపలేదు, ప్రశ్న సూటిగా ఉంది.

ఒక హెచ్చరిక. ఉత్సాహంలో అన్నీ ఒకేసారి ఆపించొద్దు. నెలల తరబడి వేసుకున్న ఆల్ప్రజోలామ్ హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, బీటా బ్లాకర్ ఆపితే గుండె ఎదురు తిరగవచ్చు. ఒక్కొక్కటిగా, తగ్గించుకుంటూ, గమనిస్తూ.

రిపోర్ట్: మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది, కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. నర్సు నేరుగా ఫారం పంపవచ్చు, డాక్టర్ సంతకం కోసం ఆగక్కర్లేదు. టోల్ ఫ్రీ 1800-180-3024. పేషెంట్ ఇనిషియల్స్, వయసు, రియాక్షన్, మొదలైన తేదీ, అనుమానపు మందు, మీ వివరాలు ఉంటే చాలు. అనుమానం సరిపోతుంది, రుజువు అక్కర్లేదు.

11.52 - 12.00: మీ ఇంటి జాబితాలు

మీరు తెచ్చిన కాగితాల్లోంచి మూడు చదువుతాం. ప్రతి మందు పక్కన "ఇది దేనికి?" రాయాలి. జవాబు తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టండి, ఊహించి రాయొద్దు.

అసైన్‌మెంట్, వచ్చే శుక్రవారం సాయంత్రం 4 లోపు: మీ పోస్టింగ్ వార్డులో 65 దాటిన ఒక పేషెంటును, వారి అనుమతితో, పైన చెప్పినట్టు అడిగి పూర్తి మందుల జాబితా రాయండి. చార్టు జాబితా ఒక పక్క, కవరు జాబితా ఇంకో పక్క. క్లియరెన్స్ లెక్క, పడుకుని-లేచి చూసిన బీపీ జతచేయాలి. 20 మార్కుల్లో 8 రెండు జాబితాల మధ్య తేడాకు. తేడా ఏమీ లేదని రాసేవాళ్ళు ఆ కవరు పట్టుకుని నా రూముకు రండి, కలిసి చూద్దాం.