మార్చి 31తో మా సామాన్ల కొట్టు మూసేస్తున్నాం. ఎందుకో, ఏం మిగిలిందో ఉన్నదున్నట్టు

తణుకు మెయిన్ రోడ్డులో 1994 నుంచి ఉన్న మన స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు ఈ నెలాఖరుకి శాశ్వతంగా మూతపడుతోంది. వేరే చోటికి మార్చడం లేదు. కొత్త పేరుతో మళ్లీ తెరవడమూ ఉండదు.

ఇల్లుగలవారు ఈ పాత బిల్డింగు పడగొట్టి కొత్తది కట్టుకుంటున్నారు. ఏడాది ముందే చెప్పారు, వాళ్ల తప్పేం లేదు. ఇంకో షాపు చూసుకుందామంటే ఇప్పటి అడ్వాన్సులు, అద్దెలు మా బేరానికి సరిపోవు. ఒకప్పుడు పెళ్లి సామానంటే లారీకెత్తేవాళ్లం. ఇప్పుడు ఆ కొనుగోళ్లు బాగా తగ్గాయి. మావారికి నడుం ఆపరేషన్ అయ్యాక బరువులెత్తడం కుదరడం లేదు, పిల్లలకేమో వేరే ఉద్యోగాలున్నాయి. అప్పులపాలై మూసేయడం లేదు. సరుకిచ్చినవాళ్లకి, పనివాళ్లకి పైసా బాకీ లేకుండా ముగించాలన్నదే మా పట్టుదల.

తగ్గింపు సంగతి. పెట్టె మీది ఎమ్మార్పీ చూపించి సగానికి సగం అని రాయడం మాకు ఇష్టం లేదు, ఆ ధరకి మేమెప్పుడూ అమ్మలేదు కాబట్టి. ఫిబ్రవరిలో అమ్మిన ధర మీదే తగ్గిస్తున్నాం. పాత చీటీలు పీకకుండా పక్కనే కొత్తవి అంటించాం, రెండూ చూసుకోండి.

ఇత్తడి: కిలో 860 ఉన్నది 800కి ఇస్తున్నాం. ఇంతకన్నా తగ్గించలేం. ఇత్తడి ఎన్నాళ్లున్నా పాడవదు, మిగిలితే తూకానికి తీసుకునే వర్తకులున్నారు. అజ్జరం పనివాళ్లు చేసిన బిందెలు 14, గుండిగలు 9, పెద్ద డేగిసాలు 3 ఉన్నాయి. ఒక డేగిసాకి అంచు దగ్గర చిన్న సొట్ట ఉంది, దానికి ఇంకో 300 తగ్గిస్తాం. గుండిగల్లో నాలుగింటికే కళాయి ఉంది. మిగతావాటిలో పులుసు, పెరుగు పదార్థాలు వండకండి, కళాయి వేయించుకున్నాకే వాడండి. కంచు అయిపోయింది. కంచు గిన్నెల కోసమే అయితే దూరం నుంచి రావద్దు.

స్టీలు: 304 రకం (18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్) గిన్నెలు, డబ్బాలు పాతిక శాతం తగ్గింపు. కంచాలు, గ్లాసులు ఎక్కువగా 202 రకం. వాటిలో నికెల్ తక్కువ, అందుకే చవక. వాటికి 35 శాతం తగ్గింపు. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు, అందుకని అరల మీద మేమే రాసిపెట్టాం. కంచాలు 35 డజన్లు దాకా ఉన్నాయి, ఫంక్షన్లకి తీసుకునేవాళ్లు ముందుగా వస్తే ఒకే సైజువి దొరుకుతాయి. మూతలు లేని గిన్నెలు, జత తప్పిన టిఫిన్ క్యారేజీ గిన్నెలు గుమ్మం పక్క బల్ల మీద సగం ధరకే పెట్టాం.

కుక్కర్లు: 3 లీటర్లవి 6, 5 లీటర్లవి 11, 10 లీటర్లవి 2. అన్నిటికీ ఐఎస్ఐ మార్కుంది. ధరలో 10 శాతమే తగ్గింపు, కంపెనీ మార్జిన్ అంతే. గ్యారంటీ కార్డు మీద ముద్ర వేసిస్తాం. ఏప్రిల్ నుంచి రిపేరొస్తే మాత్రం కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లాలి. మీ పాత కుక్కరుకి గాస్కెట్, వెయిట్, సేఫ్టీ వాల్వు కావాలంటే ఇప్పుడే తీసుకెళ్లండి, విడిభాగాలు డబ్బా నిండా ఉన్నాయి.

నాన్‌స్టిక్ పెనాలు ఎనిమిదే, రెండేళ్ల పాత సరుకు. వాడినవి కావు గానీ పెట్టెలు చిరిగాయి. సగం ధర. మిక్సీలు, గ్రైండర్లు లేవు. పాత ఫొటోల్లో కనబడేవి ఎప్పుడో అమ్ముడయ్యాయి. పైనున్న ఫొటోలు మార్చి 8న తీసినవి.

సామాను చీటీ కట్టినవాళ్లకి ముఖ్యమైన మాట: కార్డు తెచ్చుకుని కట్టినంతకీ సామాను తీసుకోండి, ఇదే తగ్గింపు ధర మీకూ వర్తిస్తుంది. నచ్చినది లేకపోతే మొత్తం రొక్కంగా తిరిగిస్తాం. కార్డు పోయినా కంగారొద్దు, మా పుస్తకంలో మీ పేరు ఉంటుంది. దూరాన ఉన్న పిల్లల పేరున కట్టిన అమ్మలు కూడా ఈ మాట చూసుకోండి. మార్చి 31 దాటితే మా ఇంటికొచ్చి తీసుకోవచ్చు, ఆ డబ్బు వేరుగా తీసి పెట్టాం.

పేర్లు కొట్టడం ఉచితం, మార్చి 24 వరకే. ఆ తర్వాత మిషను కొనుక్కున్నవారు తీసుకెళ్తారు. విరిగినదో చిల్లుపడినదో వస్తే 31లోపు మారుస్తాం, అదే రకం లేకపోతే డబ్బు వాపసు. జీఎస్టీ ధరలోనే ఉంది, బిల్లు ఇస్తాం. ఫోన్‌పే, రొక్కం ఏదైనా సరే, అరువు మాత్రం ఇవ్వలేం. ఇనప ర్యాకులు, కాటా కూడా అమ్ముతున్నాం, అడగండి.

రోజూ ఉదయం 9 నుంచి రాత్రి 8 దాకా, ఆదివారం మధ్యాహ్నం వరకు ఉంటాం. గడువు పెంచం. సరుకు ముందే అయిపోతే ముందే మూసి, ఇదే పేజీలో చెబుతాం. ఫలానాది ఉందా అని వాట్సాప్‌లో అడిగితే ఫొటో తీసి పంపుతాం. డబ్బు కట్టినదే పక్కన పెడతాం, అదీ రెండు రోజుల వరకే.