గణితానుగమనం జవాబు: 5/7

ప్రశ్న: 2·3 + 3·4 + 4·5 + … n పదాల వరకు = n(n² + 6n + 11)/3 అని గణితానుగమన పద్ధతిలో నిరూపించండి. (7 మార్కులు)

సాధన: ఇచ్చిన ప్రవచనం S(n) అనుకుందాం.

n = 1 అయితే ఎడమవైపు 2·3 = 6, కుడివైపు 1(1 + 6 + 11)/3 = 6. ∴ S(1) సత్యం. ✓

S(n) అన్ని n ∈ N విలువలకూ సత్యం అనుకుందాం. ✗ −2 (ఇదే కదమ్మా నిరూపించాల్సింది?)

రెండువైపులా (n+1)వ పదం (n+2)(n+3) కలిపితే,

కుడివైపు = n(n² + 6n + 11)/3 + (n² + 5n + 6)
= (n³ + 9n² + 26n + 18)/3
= (n+1)(n² + 8n + 18)/3
= (n+1)[(n+1)² + 6(n+1) + 11]/3 ✓

∴ S(n+1) సత్యం. కాబట్టి ప్రతి n ∈ N కి S(n) సత్యం.

(పేపరు వెనక ఎర్ర ఇంకుతో)

"లెక్కంతా కరెక్టే కదా సార్, ఒక్క వాక్యానికి రెండు మార్కులా?" అని అడిగావు. బెల్లు కొట్టేయడంతో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. నీ లెక్కలో తప్పు లేదు, అందుకే అయిదు వచ్చాయి. కానీ ఆ ఒక్క వాక్యంతో నిరూపణ అక్కడే ఆగిపోయింది.

నువ్వు రాసిన పద్ధతిలోనే ఇంకొకటి చూడు. "n² + n + 41 ఎప్పుడూ ప్రధాన సంఖ్యే." n = 1 కి 43, ప్రధాన సంఖ్య. అన్ని n కీ సత్యం అనుకుందాం. అన్నిటిలో n+1 కూడా ఉంది, కాబట్టి దానికీ సత్యం. అయిపోయింది! కానీ n = 40 పెడితే 1681, అంటే 41 × 41. తప్పుడు ప్రవచనాన్ని కూడా నిజమని చూపించే పద్ధతిని నిరూపణ అని ఎలా అనగలం?

సింహాచలం కొండకి తొలిపావంచా దగ్గర మెట్లెక్కడం మొదలుపెడతాం కదా. ఏదో ఒక మెట్టు మీద ఉన్నాననుకుని, అక్కడినుంచి పై మెట్టుకి వెళ్లగలనని చూపించాలి. ఆ మెట్టు k. అది ఎన్నోదో చెప్పక్కర్లేదు, కానీ ఒక్కటే. నువ్వేమో అన్ని మెట్లూ ఎక్కేశాననుకుని మొదలుపెట్టావు. ఇంక ఎక్కడానికి ఏం మిగిలింది తల్లీ?

కొన్ని లెక్కల్లో "1 నుంచి k వరకు అన్నిటికీ సత్యం అనుకుందాం" అని రాస్తారు. అది తప్పు కాదు, ఎందుకంటే అక్కడ ఊహ k దగ్గర ఆగుతుంది. k+1 సంగతి మనమే తేల్చాలి.

ఇలా రాయి: "ఏదో ఒక k ∈ N కి S(k) సత్యం అనుకుందాం." కింది వరుసల్లో n ఉన్నచోటల్లా k పెట్టు. చివరి వాక్యంలో మాత్రం "ప్రతి n" అలాగే ఉండాలి, ఆ మాట రాసే హక్కు నీకు అక్కడే వస్తుంది.

49ⁿ + 16n − 1 ని 64 భాగిస్తుందని ఇదే పద్ధతిలో రాసి, సోమవారం స్టడీ అవర్‌లో చూపించు.