పితికిపప్పు కూర | అనపగింజలతో చిత్తూరు జిల్లా పితికిన పప్పు | హితకిద అవరెబేళె సారు

పచ్చి అనపగింజలను నానబెట్టి, తొక్క నుంచి పప్పు పితికి, కొబ్బరి మసాలాతో వండే పితికిపప్పు కూర ఇది. రాగి సంగటికీ దోసెకీ పూరీకీ సరిపోతుంది. నలుగురికి కొలతలు కింద ఉన్నాయి.

మా చిత్తూరు వైపు దీన్ని పితికిపప్పు, పితికిన పప్పు అంటాము. నేనుంటున్న బెంగళూరులో అవే గింజలు అవరెకాళు, పితికిన పప్పు హితకిద అవరెబేళె, కూర హితకిద బేళె సారు. గింజ ఒకటే. వండే చేతిని బట్టి మసాలా మాత్రం కొంత మారుతుంది. అనపకాయ కూర అని వెతికితే చాలాసార్లు సొరకాయ వంటకాలు వస్తాయి, ఎందుకంటే కోస్తాలో సొరకాయను ఆనపకాయ అంటారు. ఇది సొరకాయ కూర కాదు, చిక్కుడు జాతి గింజల కూర.

చలికాలంలో, ముఖ్యంగా డిసెంబరు, జనవరి నెలల్లో గాంధీ బజారులోనూ కె.ఆర్. మార్కెట్లోనూ కాయలు రాశులుగా పోస్తారు. కాయను చేత్తో నలిపితే వేళ్లకు ఘాటైన వాసన అంటాలి. ఆ వాసన లేని కాయతో ఎంత మసాలా వేసినా కూరకు రుచి రాదు. తొక్క తీసి అమ్మే పప్పు కూడా దొరుకుతుంది. సమయం లేనివారు అదే తెచ్చుకోండి, కానీ ఆ రోజే వండండి.

కావలసినవి: ఒలిచిన అనపగింజలు అరకిలో, ఉల్లిపాయలు 2, టమాటాలు 2, నూనె 3 పెద్ద చెంచాలు, పసుపు, ఉప్పు, కరివేపాకు, కొత్తిమీర. నూరడానికి పచ్చికొబ్బరి తురుము అరకప్పు, ధనియాలు 2 చెంచాలు, ఎండుమిరపకాయలు 6, గసగసాలు 1 చెంచా, వెల్లుల్లి 6 రెబ్బలు, అంగుళం అల్లం, లవంగాలు 3, చిన్న దాల్చినచెక్క.

గింజలను రాత్రి నానబెడితే ఉదయానికి తొక్క వదులవుతుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నొక్కితే పప్పు జారి వస్తుంది. అరకిలోకు ఒక్కరు కూర్చుంటే విసుగు పుడుతుంది. మా అమ్మ ఇంట్లో అందరినీ పళ్లెం చుట్టూ కూర్చోబెట్టేది.

దయచేసి కుక్కరులో పెట్టకండి. పితికిన పప్పు చాలా మెత్తనిది, విజిల్ వస్తే ముద్దవుతుంది. మూత పెట్టిన గిన్నెలో సన్నని మంటపై పన్నెండు నిమిషాల దగ్గర ఒక పప్పు తీసి నొక్కి చూడండి. ఆకారం చెడకుండా మెత్తగా నలిగితే దించేయండి. చల్లారే కొద్దీ చిక్కబడుతుంది కాబట్టి కాస్త పలుచగా ఉన్నప్పుడే దించాలి.

0:00 కూర ఎలా ఉంటుంది
0:40 మంచి అనపకాయను గుర్తించడం
2:15 నానబెట్టిన గింజలు పితకడం
4:30 కొబ్బరి మసాలా వేయించి నూరడం
6:50 తాలింపు, పప్పు ఉడికించడం
9:20 రాగి సంగటితో వడ్డన

మీ ఊళ్లో ఈ కూరను ఏ పేరుతో పిలుస్తారో రాయండి. ఆ పేరు కూడా ఇక్కడ చేరుస్తాను.

#పితికిపప్పు #అనపగింజలకూర #అవరెబేళె