గంగరాజు: ముఖకవళికల షీట్

పాత్ర: గోదావరి మీద పడవ నడిపే కుర్రాడు, 24 ఏళ్ళు. ఎ3 కాగితం అడ్డంగా, 3 వరసల్లో 12 తలలు. నడినెత్తి నుంచి గడ్డం దాకా 6 సెం.మీ. తల ఎత్తినా దించినా పుర్రె గుండ్రం కొలత మాత్రం అంతే.

మారకూడనివి
కోల ముఖం, పలకలుగా దవడ. కళ్ళు తల ఎత్తులో సరిగ్గా సగం దగ్గర. రెంటి మధ్యా ఒక కన్నంత జాగా. ముక్కు దూలం మీద చిన్న బుడిపె. కింది పెదవి పైదానికంటే మందం. అతని ఎడమ కనుబొమ మధ్యలో గాటు, అక్కడ వెంట్రుకలుండవు. ఎడమ చెవికి రాగి పోగు. గడ్డం మీద కుడివైపు పుట్టుమచ్చ. ఎడమ, కుడి అంటే అతనివే, చూసేవాళ్ళవి కావు. అందుకే ఒక బొమ్మని ఫ్లిప్ చేసి రెండోదిగా వాడొద్దు. గాటు బొమ మారిపోతే అతను గంగరాజు కాడు.

మొదటి వరస: ఏ భావమూ లేకుండా
1. ఎదురుగా. మిగతా 11 తలలకీ కొలత ఇదే.
2. అతని ఎడమకి త్రీ క్వార్టర్. గాటు అవతలి అంచుకి జరుగుతుంది, పోగు కనబడదు.
3. కుడికి త్రీ క్వార్టర్. గాటు, పోగు రెండూ మనవైపే.
4. పూర్తిగా కుడికి, పక్కనుంచి. బుడిపె బాగా తెలిసేది ఇక్కడే.

రెండో వరస
5. నవ్వు, ఎదురుగా. బుగ్గలు లేచి కింది రెప్పల్ని పైకి నెట్టాలి. పెదవులు సాగి పలచబడినా కింది పెదవే మందంగా ఉండాలి.
6. నవ్వు ఆపుకోవడం, ఎడమకి త్రీ క్వార్టర్. ఒక్క పెదవి కొస చాలు.
7. కోపం, తల కిందికి. చెవులు కళ్ళకంటే పైకి జరిగినట్టుంటాయి. బొమలు దగ్గరకొచ్చి దిగుతాయి, వాటితో గాటూ కంటి మీదికొస్తుంది. నోరు మూసే ఉంటుంది. గంగరాజు అరిచే మనిషి కాదు, పళ్ళు చూపించొద్దు.
8. అసహ్యం, కుడికి త్రీ క్వార్టర్. ముక్కు ముడతపడి పై పెదవి లేస్తుంది. ముక్కు పొట్టిదైనట్టు అనిపిస్తుంది, బుడిపె మాత్రం కదలదు.

మూడో వరస
9. ఆశ్చర్యం, తల పైకి. చెవులు దిగినట్టుంటాయి, దవడ కింద భాగం కనబడుతుంది. బొమలు విల్లులా లేస్తాయి, దవడ వదులుగా జారుతుంది. పుట్టుమచ్చ దానితోపాటే దిగాలి.
10. భయం, ఎదురుగా. దీన్ని తొమ్మిదోదానిలా గీసే ప్రమాదం ఉంది. ఇక్కడ బొమలు లేవడమే కాదు, దగ్గరవుతాయి కూడా. కింది రెప్పలు బిగుస్తాయి, పెదవులు అడ్డంగా చెవులవైపు లాగినట్టవుతాయి. వరదలో పడవ తాడు తెగే ఘట్టానికి వాడే ముఖం ఇదే, అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికివ్వండి.
11. దుఃఖం, తల కొంచెం దించి, ఎడమకి. బొమల లోపలి కొసలు లేస్తాయి. కన్నీళ్ళు వద్దు.
12. అలసట, కుడికి వాల్చి. పై రెప్పలు సగం దిగాయి, అంతే.

ఇంకు వేసేముందు లైట్ బాక్స్ మీద 5, 10 తలల్ని మొదటిదాని మీద పెట్టి కళ్ళ మధ్య జాగా, ముక్కు దూలం, చెవులు సరిపోయాయేమో చూడండి. పెన్సిల్ షీటు నాకు పంపాకే రంగులు.